ఏది ఏ గుంపుదో తెలియనప్పుడు లెక్క ఎలా? ఈఎం పద్ధతిలో ఒక్క రౌండ్, అంకెలతో సహా

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఉంది. కొంతసేపు నీళ్లు పైకి చిమ్ముతుంది, ఆగుతుంది, మళ్లీ చిమ్ముతుంది. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఎన్ని నిమిషాలు ఆగిందో రాసిపెట్టిన ఒక పాత జాబితా స్టాటిస్టిక్స్ విద్యార్థులందరికీ పరిచయమే. ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది faithful పేరుతో దొరుకుతుంది. మొత్తం 272 వరుసలు.

ఆ నిమిషాలను గ్రాఫ్ గీస్తే ఒక గుట్ట రాదు, రెండు గుట్టలు వస్తాయి. ఒకటి 55 నిమిషాల దగ్గర, ఇంకొకటి 80 దగ్గర. కారణం కూడా తెలిసిందే. తక్కువసేపు చిమ్మితే భూమి లోపల నీళ్లు పూర్తిగా ఖాళీ కావు, అందుకే తిరిగి త్వరగా సిద్ధమవుతుంది. ఎక్కువసేపు చిమ్మితే మళ్లీ నిండి వేడెక్కడానికి టైమ్ పడుతుంది.

కానీ మన చేతిలో నిరీక్షణ నిమిషాల కాలమ్ ఒక్కటే ఉందనుకోండి. ఇది చిన్న నిరీక్షణ గుంపుది, ఇది పెద్ద గుంపుది అని పక్కన ఎవరూ రాయలేదు. అప్పుడు రెండు గుంపుల సగటులు ఎలా కట్టాలి? ఈ చిక్కు విప్పేదే ఎక్స్‌పెక్టేషన్-మాక్సిమైజేషన్, పొట్టిగా ఈఎం. 1977లో డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్ అనే ముగ్గురు ఈ పేరు పెట్టి, దీన్ని ఒక సాధారణ పద్ధతిగా వివరించారు. అంతకు చాలా ముందే, 1948లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్. రావు ఇలాంటి రెండు గుంపుల మిశ్రమానికి ఫిషర్ చూపిన వేరే దారిలో లెక్క కట్టారు.

చిక్కు ఎక్కడుంది?

ఏ నిరీక్షణ ఏ గుంపుదో తెలిస్తే పని సులువు. ఒక్కో గుంపును విడిగా పెట్టుకుని సగటు, క్రమ విచలనం కట్టేస్తాం. క్రమ విచలనం అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. అలాగే రెండు సగటులు, రెండు విచలనాలు ముందే తెలిస్తే, ఏ నిరీక్షణ ఏ గుంపుకి దగ్గరో చెప్పడం కూడా సులువే. కానీ ఇది తెలియాలంటే అది కావాలి, అది తెలియాలంటే ఇది కావాలి.

ఈఎం చేసేది ఇంతే. ముందు ఒక అంచనా వేసుకుంటుంది. ఆ అంచనాతో ప్రతి అంకెనూ రెండు గుంపులకీ వాటాలుగా పంచుతుంది. ఆ వాటాలతో అంచనాను సరిచేస్తుంది. మళ్లీ మొదటికి వస్తుంది. పంచడం మొదటి మెట్టు, సరిచేయడం రెండో మెట్టు. రెండూ కలిస్తే ఒక రౌండ్.

ఆరు అంకెలతో మొదలు

272 వరుసలూ చేత్తో చేయలేం. జాబితాలోని మొదటి ఆరు నిరీక్షణలు తీసుకుందాం: 79, 54, 74, 62, 85, 55 నిమిషాలు. మొత్తం 409.

మొదటి అంచనా ఇలా పెడదాం. చిన్న గుంపు సగటు 60, పెద్ద గుంపు సగటు 75. రెండింటి విచలనమూ 8. రెండు గుంపులూ సగం సగం. ఈ అంకెలు కరెక్ట్ అని ఎవరూ అనడం లేదు, మొదలుపెట్టడానికి మాత్రమే. రెండు గుంపులూ నార్మల్ పంపిణీ అని, అంటే గంట ఆకారంలో ఉంటాయని ఒప్పుకుంటున్నాం.

మొదటి మెట్టు: వాటాలు పంచడం

62 నిమిషాల నిరీక్షణను చూద్దాం. ఆ చోట రెండు గంటల ఎత్తు ఎంతో కనుక్కోవాలి. విచలనాలు సమానం, గుంపులు సగం సగం కాబట్టి ఈ రౌండ్‌లో గంట ముందుండే గుణకాలు రెండు వైపులా ఒకటే. అవి భాగహారంలో కొట్టుకుపోతాయి. మిగిలేది ఇదే:

```
exp( -(x - m)^2 / (2 * s^2) )
```

x అంటే మన అంకె, m సగటు, s విచలనం. చిన్న గుంపుకి 62కీ 60కీ తేడా 2, దాని వర్గం 4, దాన్ని 128తో భాగించి లెక్కిస్తే ఎత్తు 0.97. పెద్ద గుంపుకి తేడా 13, వర్గం 169, ఎత్తు 0.27. రెండూ కలిపితే 1.24. అందులో చిన్న గుంపు వాటా 0.97 ÷ 1.24, అంటే 0.78. మిగతా 0.22 పెద్ద గుంపుకి.

ఇదే పని ఆరింటికీ చేస్తే చిన్న గుంపు ఖాతాలో పడే వాటాలు ఇవి:

- 54కి 0.96
- 55కి 0.95
- 62కి 0.78
- 74కి 0.18
- 79కి 0.06
- 85కి 0.02

ప్రతిదానిలో 1కి తగ్గింది పెద్ద గుంపు ఖాతాలోకి పోతుంది.

ఇక్కడ చాలామంది ఒక మాట తప్పుగా అర్థం చేసుకుంటారు. 62 నిమిషాల నిరీక్షణ నిజంగా రెండు ముక్కలై రెండు గుంపుల్లో లేదు. అది ఏదో ఒక దానిదే. 0.78 అనేది మన దగ్గరున్న అంచనాను బట్టి మనకున్న నమ్మకం ఎంతో చెబుతుంది. అంచనా మారితే ఆ నమ్మకమూ మారుతుంది.

మరి 0.78 ఉంది కదా, మొత్తంగా చిన్న గుంపులోనే వేసేస్తే పోదా? అలా కత్తితో కోసినట్టు చేస్తే చిన్న గుంపు సగటు 57, పెద్ద గుంపుది 79.3 వస్తుంది. రెండు గంటలు మధ్యలో ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నప్పుడు ఇలా కోస్తే, ఒక్కో గుంపు అవతలివైపు పాకిన తోకను పోగొట్టుకుంటుంది. దాంతో గుంపులు ఉన్నదానికంటే దూరంగా, ఇరుకుగా కనిపిస్తాయి. వాటాలుగా పంచేది అందుకే.

రెండో మెట్టు: అంచనాను సరిచేయడం

ఇప్పుడు ఖాతాలు జమ కడదాం. చిన్న గుంపు వాటాలన్నీ కలిపితే 2.95. అంటే ఆరు నిరీక్షణల్లో దాదాపు మూడు దానివి. పెద్ద గుంపుకి 3.05. కాబట్టి గుంపుల నిష్పత్తి 0.492, 0.508.

సగటు కోసం ప్రతి అంకెనూ దాని వాటాతో గుణించి కూడాలి. చిన్న గుంపుకి 54 × 0.96, 55 × 0.95, ఇలా ఆరూ కూడితే 172.21. దాన్ని 2.95తో భాగిస్తే 58.4. పెద్ద గుంపుకి మిగిలింది 409లో 172.21 తీసేస్తే 236.79. దాన్ని 3.05తో భాగిస్తే 77.6.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అలవాటు కొద్దీ ఆరుతో భాగించేస్తారు. అలా చేస్తే చిన్న గుంపు సగటు 28.7 వస్తుంది. జాబితాలో అన్నిటికంటే చిన్న అంకే 54 కదా, సగటు దానికంటే కిందికి పోవడం కుదరదు. అలాంటి అంకె కనబడిందంటే భాగించిన సంఖ్య తప్పు అని గుర్తు. భాగించాల్సింది ఆ గుంపు వాటాల మొత్తంతో.

విచలనానికీ ఇదే పద్ధతి, కాకపోతే తేడాలు కొత్త సగటు నుంచి తీయాలి, పాత 60 నుంచి కాదు. 58.4 నుంచి ప్రతి అంకె దూరం వర్గం చేసి, వాటాతో గుణించి కూడితే దాదాపు 123.1. దాన్ని 2.95తో భాగిస్తే 41.7, వర్గమూలం 6.5. పెద్ద గుంపుకి ఇలాగే చేస్తే 7.4.

ఒక రౌండ్ అయిపోయింది. 60, 75 అని మొదలుపెట్టిన సగటులు 58.4, 77.6 అయ్యాయి. 8, 8గా ఉన్న విచలనాలు 6.5, 7.4 అయ్యాయి.

బాగుపడిందని ఎలా తెలుస్తుంది?

దానికి లాగ్-లైక్లీహుడ్ అనే కొలత ఉంది. మన అంచనా ప్రకారం ఈ ఆరు అంకెలూ రావడానికి ఎంత వీలుందో అది చెబుతుంది. ప్రతి అంకె దగ్గరా రెండు గంటల ఎత్తులను గుంపుల నిష్పత్తితో గుణించి కలపాలి (ఈసారి గుణకాలతో సహా), దాని లాగరిథమ్ తీసి అన్నీ కూడాలి. మొదటి అంచనాకి అది -22.96. రౌండ్ అయ్యాక -22.24. పెరిగింది.

సరిగ్గా చేస్తే ఈ కొలత ఏ రౌండ్‌లోనూ తగ్గదు. ఇది రుజువైన సంగతి. మీ ప్రోగ్రామ్‌లో ఒక్కసారి తగ్గినా పద్ధతిని అనుమానించక్కర్లేదు, కోడ్‌లో తప్పు వెతకండి. పెరుగుదల దాదాపు ఆగిపోయినప్పుడు ఆపేయాలి.

కొత్త అంచనాతో రెండో రౌండ్ మొదలుపెడితే 62 వాటా 0.78 నుంచి 0.90కి పెరుగుతుంది. 74 వాటా 0.18 నుంచి 0.06కి పడిపోతుంది. ఈసారి విచలనాలు వేరు కాబట్టి గుణకాలు కొట్టుకుపోవు, వాటినీ లెక్కలో పట్టుకోవాలి. మొత్తం 272 వరుసలతో చివరిదాకా నడిపితే సగటులు దాదాపు 54.6, 80.1 దగ్గర ఆగుతాయి. విచలనాలు రెండూ 5.9 దగ్గర. చిన్న గుంపు వాటా 36 శాతం.

ఎక్కడ దెబ్బతింటుంది?

రెండు గుంపులకీ ఒకే సగటు, ఒకే విచలనం ఇచ్చి మొదలుపెడితే ప్రతి అంకె వాటా సగం సగమే. సరిచేశాక రెండు సగటులూ 68.2 అవుతాయి, ఎన్ని రౌండ్లు తిప్పినా అక్కడే ఉంటాయి. కాబట్టి మొదటి అంచనాలో తేడా తప్పనిసరి.

రెండోది ఇంకా మోసం చేసేది. ఒక గుంపును 54 మీద పెట్టి విచలనం 0.1 ఇచ్చారనుకోండి. ఆ గుంపు ఆ ఒక్క అంకెనే పట్టుకుని కూర్చుంటుంది, విచలనం సున్నా వైపు జారుతుంది. విచిత్రం ఏంటంటే, అప్పుడు లాగ్-లైక్లీహుడ్ అంతు లేకుండా పెరుగుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఫలితం పనికిరాదు. విచలనం మరీ చిన్నదై, గుంపు వాటాల మొత్తం 1 దగ్గర కనిపిస్తే ఇదే జరిగిందని తెలుసుకోవాలి. విచలనానికి కింది హద్దు పెట్టి, వేరే అంచనాతో మళ్లీ మొదలుపెట్టాలి.

మామూలుగా కూడా ఈఎం తన దగ్గర్లోని గుట్టే ఎక్కుతుంది. అంతకంటే ఎత్తైనది పక్కన ఉన్నా దానికి కనబడదు. అందుకే నాలుగైదు వేర్వేరు అంచనాలతో నడిపి, విచలనాలు సరిగా ఉన్నవాటిలో లాగ్-లైక్లీహుడ్ ఎక్కువ వచ్చినదాన్ని తీసుకుంటారు.

ఇంకో మాట, అసలు గుంపులు రెండేనా అన్న ప్రశ్నకు ఈఎం జవాబు చెప్పదు. రెండు అని మనం అంటే రెండుగా పంచుతుంది, మూడు అంటే మూడుగా పంచుతుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ విషయంలో రెండు అనడానికి గ్రాఫ్‌లోని రెండు గుట్టలు, భూమి లోపలి నీళ్ల కథ సాక్ష్యం. అలాంటి సాక్ష్యం లేని జాబితాలో వచ్చిన రెండు సగటులను చూసి, నిజంగానే రెండు గుంపులు ఉన్నాయని అనుకోకూడదు.