డాలర్ లోన్ వాయిదా: ఏ తేదీకి ఏ రేటు వేశారో స్టేట్‌మెంట్‌లో చూసుకోవడం ఎలా?

మన పాఠశాలల్లో చదువుతున్న చిన్నవాళ్లకు అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్న అక్కో అన్నో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ చదువు కోసం కొందరు ఇక్కడి బ్యాంకులో రూపాయల్లో లోన్ తీసుకుంటే, ఇంకొందరు డాలర్లలోనే లోన్ ఇచ్చే విదేశీ సంస్థల దగ్గర తీసుకుంటారు. ఈ వ్యాసం ఆ రెండో రకం లోన్ గురించి. చదువు నడుస్తున్నంత కాలం దాని నెలవారీ వాయిదాను ఎక్కువగా ఇక్కడి నుంచి తల్లిదండ్రులే కడతారు. వాయిదా డాలర్లలో ప్రతి నెలా ఒకటే. మన ఖాతాలోంచి పోయే రూపాయలు మాత్రం ఏ నెలకానెల మారుతుంటాయి. "రూపాయి పడిపోయింది కదా, అందుకే పెరిగింది" అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ ప్రతిసారీ పెరిగినదంతా రూపాయి వల్లేనా? ఇది తేల్చుకోవడానికి అరగంట చాలు.

ముందుగా మూడు కాగితాలు

మొదటిది లోన్ ఇచ్చిన సంస్థ స్టేట్‌మెంట్. ఇందులో అంతా డాలర్లే ఉంటాయి: వాయిదా ఎంత, ఏ తేదీకి కట్టాలి, ఎంత జమ అయింది. రెండోది మీ బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్. ఇందులో రూపాయలు మాత్రమే ఉంటాయి. ఈ రెంటినీ కలిపే వంతెన మూడో కాగితం, అంటే డబ్బు పంపిన ప్రతిసారీ బ్యాంకు ఇచ్చే డెబిట్ అడ్వైస్. ఎన్ని డాలర్లు పంపారు, ఏ రోజు మార్చారు, ఏ రేటు వేశారు, ఛార్జీ ఎంత, జీఎస్టీ ఎంత అన్నవి ఇందులో విడివిడిగా ఉంటాయి. ఈమెయిల్‌కు రాకపోతే బ్రాంచిలో అడిగి తీసుకోండి. ఇది లేకుండా ఖాతా స్టేట్‌మెంట్ ఒక్కటే చూస్తే రేటు, ఛార్జీలు కలిసిపోయి ఏదీ తేలదు.

పోల్చడానికి ఒక కొలబద్ద

బ్యాంకు వేసిన రేటు ఎక్కువో తక్కువో తెలియాలంటే, ఆ రోజు మార్కెట్‌లో డాలర్ ధర ఎంతో తెలియాలి. దీనికి మన దేశంలో రోజూ ప్రకటించే రిఫరెన్స్ రేటు ఉంది. ఒకప్పుడు దీన్ని రిజర్వ్ బ్యాంకు లెక్కగట్టేది. 2018 జులై నుంచి ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ లెక్కగట్టి, పని దినాల్లో మధ్యాహ్నం పూట ప్రకటిస్తోంది. fbil.org.in లో పాత తేదీల రేట్లు కూడా దొరుకుతాయి.

అయితే ఏ బ్యాంకూ మనకు రిఫరెన్స్ రేటుకే డాలర్లు అమ్మదు. దానిమీద తన మార్జిన్ కలిపి 'టీటీ సెల్లింగ్' రేటు అని చెబుతుంది. అది తప్పు కాదు, అది వాళ్ల వ్యాపారం. మనం చూడాల్సింది ఆ మార్జిన్ మనతో చెప్పినంతే ఉందా, నెలనెలా ఒకేలా ఉందా అన్నది.

ఒక ఉదాహరణ

నెలకు 450 డాలర్ల వాయిదా, కట్టాల్సిన గడువు ప్రతి నెలా 8వ తేదీ అనుకుందాం. ఇంట్లోవాళ్లు 3వ తేదీన డబ్బు పంపుతారు. కింది రేట్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి.

| పంపిన తేదీ | రిఫరెన్స్ రేటు | బ్యాంకు వేసిన రేటు | తేడా | 450 డాలర్లకు రూపాయలు |
|---|---|---|---|---|
| ఏప్రిల్ 3 | 85.40 | 86.25 | 0.85 | 38,812.50 |
| మే 3 | 85.10 | 85.95 | 0.85 | 38,677.50 |
| జూన్ 3 | 85.60 | 87.31 | 1.71 | 39,289.50 |
| జులై 3 | 85.90 | 86.75 | 0.85 | 39,037.50 |

చివరి గడిలోని రూపాయలు మాత్రమే చూస్తే జూన్ నెల పెద్దగా అనుమానం కలిగించదు. మే కంటే 612 రూపాయలు పెరిగింది, అంతే. ఇప్పుడు ఆ 612ను రెండుగా విడదీద్దాం. మే నుంచి జూన్‌కు రిఫరెన్స్ రేటు 50 పైసలు పెరిగింది. 450 డాలర్లకు అది 225 రూపాయలు. ఇది మార్కెట్ వల్ల పెరిగింది, దీనికి ఎవరినీ అడగలేం. మిగిలిన 387 రూపాయలు తేడా 85 పైసల నుంచి 1.71 రూపాయలకు పెరగడం వల్ల వచ్చింది. అడగాల్సింది దీని గురించే.

ఏప్రిల్, జులై పోల్చి చూడండి. వాయిదా 225 రూపాయలు పెరిగింది. రిఫరెన్స్ రేటు కూడా సరిగ్గా 50 పైసలే పెరిగింది. అంటే ఆ పెరుగుదలలో బ్యాంకు వాటా ఏమీ లేదు.

ఎక్సెల్‌లో A గడిలో తేదీ, B లో డాలర్లు, C లో రిఫరెన్స్ రేటు, D లో బ్యాంకు రేటు వేసుకుంటే ఈ రెండు సూత్రాలు చాలు. మొదటిది రూపాయల్లో తేడా చెబుతుంది, రెండోది శాతంలో.

```
=(D2-C2)*B2
=(D2-C2)/C2*100
```

ఏప్రిల్, మే, జులై నెలల్లో ఇది ఒక శాతం దగ్గర ఉంటుంది. జూన్‌లో రెండు శాతానికి చేరుతుంది.

తేడా పెరిగితే ముందు తేదీ చూడండి

బ్యాంకును అడిగే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఖాతాలోంచి డబ్బు పోయిన రోజు, డాలర్లుగా మార్చిన రోజు ఒకటే కానక్కర్లేదు. సాయంత్రం ఆన్‌లైన్‌లో పెట్టిన అభ్యర్థనను మర్నాటి రేటుతో మార్చవచ్చు. శనివారం బ్యాంకు తెరిచి ఉన్నా విదేశీ మారక మార్కెట్ మూసే ఉంటుంది. ఆ రోజు కొత్త రిఫరెన్స్ రేటు ఉండదు. సోమవారం మార్కెట్ ఎలా తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి బ్యాంకు కాస్త ఎక్కువ రేటు చెప్పే అవకాశమూ ఉంది.

అందుకే జూన్ 3కు అటూ ఇటూ ఉన్న నాలుగు రోజుల రిఫరెన్స్ రేట్లు కూడా చూడండి. మామూలు 85 పైసల మార్జిన్‌తో 87.31 రావాలంటే ఆ రోజుల్లో ఏదో ఒకనాడు రిఫరెన్స్ రేటు 86.46 ఉండాలి. ఉంటే, మార్జిన్ మారలేదు, వేరే రోజు రేటు పడిందని అర్థం. అప్పుడు డెబిట్ అడ్వైస్‌లో మార్చిన తేదీ ఏముందో చూసుకోవాలి. చుట్టుపక్కల రోజులన్నీ 85.50, 85.80 మధ్యే ఉంటే మారింది మార్జినే.

ఒకే రోజులోనూ రేటు కదులుతుంది కాబట్టి పది, పదిహేను పైసల తేడాను పట్టించుకోనక్కర్లేదు. మార్జిన్ ఉన్నట్టుండి రెట్టింపయితే మాత్రం దానికి కారణం ఉండి తీరుతుంది. ఎక్కువసార్లు ఆ కారణం చిన్నదే: ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ప్రత్యేక రేటు గడువు తీరిపోవడం, లేదా ఆన్‌లైన్‌లో పంపాల్సింది ఆ నెల బ్రాంచిలో పంపడం వల్ల అందరికీ వేసే మామూలు రేటు పడటం.

రేటులో కనిపించని ఖర్చు

బ్యాంకు వేసిన రేటు దగ్గర లెక్క ఆగదు. రూపాయలను డాలర్లుగా మార్చినందుకు జీఎస్టీ ఉంటుంది. అది మొత్తం డబ్బు మీద కాదు. లక్ష రూపాయల లోపు మార్పిడికి ఆ మొత్తంలో 1 శాతాన్ని (కనీసం 250 రూపాయలు) సేవ విలువగా తీసుకుని, దానిమీద 18 శాతం వేయడం బ్యాంకుల్లో మామూలు పద్ధతి. ఏప్రిల్ వాయిదాకు అది 69.86 రూపాయలు. పంపినందుకు ఛార్జీ 500, దానిమీద జీఎస్టీ 90 అనుకుంటే, మొత్తం 39,472.36 పోయింది. దీన్ని 450తో భాగిస్తే ఒక్కో డాలర్ మనకు 87.72కు పడింది. బ్యాంకు చెప్పిన రేటు మాత్రం 86.25.

ఇందులో 500 రూపాయల ఛార్జీ డాలర్లు ఎన్నయినా మారదు. జీఎస్టీతో కలిపి అది డాలర్‌కు 1.31 రూపాయలు పడుతోంది, అంటే బ్యాంకు మార్జిన్ కంటే ఎక్కువ. లోన్ సంస్థ ముందస్తు వాయిదాను ఒప్పుకుంటే రెండు నెలలవి కలిపి 900 డాలర్లు పంపవచ్చు. అప్పుడు అదే ఛార్జీ డాలర్‌కు 66 పైసలకు తగ్గుతుంది. అయితే ఎక్కువగా వచ్చిన డబ్బును వచ్చే నెల వాయిదాగా జమ చేస్తారా, అసలులో తగ్గించి వచ్చే నెల మళ్లీ వాయిదా అడుగుతారా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఏడాదిలో మీరు విదేశాలకు పంపిన మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే కొన్ని సందర్భాల్లో టీసీఎస్ కూడా పట్టుకుంటారు. దాన్ని రేటు లెక్కలో కలపకండి. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటయ్యే డబ్బు.

అటువైపు ఎంత చేరింది?

ఇక మొదటి కాగితానికి తిరిగి రండి. మీరు 450 పంపితే అక్కడ 450 జమ అయిందా? దారిలో ఉండే మధ్యవర్తి బ్యాంకు తన ఛార్జీని ఆ డాలర్లలోంచే కోసుకుంటే 435 మాత్రమే చేరవచ్చు. అప్పుడు లోన్ సంస్థ లెక్కలో వాయిదా పూర్తిగా కట్టనట్టే. ఆలస్య రుసుము పడుతుంది, పిల్లల క్రెడిట్ రికార్డు మీద కూడా ప్రభావం ఉండవచ్చు. దీన్ని తప్పించడానికి ఫారంలో ఛార్జీలన్నీ పంపేవారివే అని చెప్పే `OUR` ఎంపికను టిక్ చేయాలి. అలా చేసినా తక్కువ చేరితే బ్యాంకు నుంచి స్విఫ్ట్ కాపీ తీసుకోండి. ఎక్కడ కోత పడిందో అందులో వెతకవచ్చు.

బ్యాంకుకు ఏమని రాయాలి?

"రేటు ఎక్కువ వేశారు" అని రాస్తే "అది ఆనాటి రేటు" అన్న జవాబే వస్తుంది. అలా కాకుండా తేదీతో, అంకెలతో రాయండి: "జూన్ 3న 450 డాలర్లకు 87.31 వేశారు. ఆ రోజు రిఫరెన్స్ రేటు 85.60. మిగతా మూడు నెలల్లో తేడా 85 పైసలు. జూన్‌లో 1.71 ఎందుకయింది? మార్చిన తేదీ, సమయం, వేసిన మార్జిన్ తెలియజేయగలరు." దీనికి డెబిట్ అడ్వైస్ జత చేయండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఎంత మార్జిన్ పెట్టుకోవాలన్నది బ్యాంకు సొంత నిర్ణయం, అది ఎక్కువగా ఉందన్న ఫిర్యాదు నిలబడటం కష్టం. ఒప్పుకున్న రేటు ఒకటి, వేసినది ఇంకొకటి అని చూపించగలిగితే ఫిర్యాదుకు బలం ఉంటుంది. కాబట్టి ప్రత్యేక రేటు ఇస్తామని బ్రాంచిలో నోటిమాటగా చెబితే, ఎన్ని పైసల మార్జిన్, ఎప్పటివరకు అన్నది ఆ రోజే ఈమెయిల్‌లో రాయించుకోండి.