ఒక చిల్లు, నాలుగు దారులు

తెల్లవారి నిద్ర లేచేసరికి ఐదేళ్ళ బాబు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాలుగు రోజులుగా ఇదే వరస. సాయంత్రానికి కళ్ళ ఉబ్బు తగ్గి పాదాలు వాస్తున్నాయి. మూత్రం నురగ కడుతోంది. బరువు పద్దెనిమిది కిలోల నుంచి ఇరవై ఒకటికి పెరిగింది. ఇంట్లో ఒకరు ఎలర్జీ అన్నారు, మరొకరు ఒంటికి నీరు పట్టిందన్నారు.

వైద్య విద్యార్థులకు నేను పాథాలజీ పాఠంలో ఈ బాబునే బోర్డు మీద బొమ్మగా గీసి చూపిస్తాను. పైన కారణం, దాని కింద అది శరీరంలో నడిచే తీరు, ఆపైన లక్షణాలు, పరీక్షలు, చివర చిక్కులు. ఒక్కో మెట్టుకూ మధ్య ఒక బాణం గుర్తు. దీన్ని ఫ్లోచార్ట్ అంటారు. బాణం గీసిన ప్రతిచోటా 'అయితే ఎందుకు?' అని అడుగుతాను. జవాబు చెప్పలేకపోతే ఆ బాణాన్ని చెరిపేయాల్సిందే.

ఈ బొమ్మకు మొదలు కిడ్నీలోని జల్లెడ. పెద్దవాళ్ళలో అది రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తం నుంచి వడకడుతుంది. అందులో చాలా భాగం మళ్ళీ రక్తంలోకే చేరుతుంది. మూత్రంలోకి జారే ప్రోటీన్ రోజుకు 150 మిల్లీగ్రాములు కూడా దాటదు. ఈ జల్లెడకు బయటివైపు ఉండే కణాలు వేళ్ళలాంటి కాళ్ళతో దాన్ని పట్టుకుని ఉంటాయి. మన బాబు జబ్బులో ఆ కాళ్ళు చదునైపోతాయి, జల్లెడ ప్రోటీన్‌ను ఆపలేక వదిలేస్తుంది. మామూలు మైక్రోస్కోపు కింద కిడ్నీ ముక్క దాదాపు బాగున్నట్టే కనిపిస్తుంది, కాళ్ళు చదునైన సంగతి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనే తెలుస్తుంది. అందుకే దీనికి 'మినిమల్ చేంజ్' అని పేరు. పిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో ఎక్కువ భాగం ఇదే.

ఆ చిల్లు నుంచి నాలుగు దారులు చీలుతాయి. మొదటిది వాపు. అల్బుమిన్ అనే ప్రోటీన్ రక్తంలో నీటిని పట్టి ఉంచుతుంది. అది మూత్రంలో పోతే నీరు కణజాలంలోకి ఊరుతుంది. రాత్రంతా పడుకుని ఉంటే ఆ నీరు కళ్ళ చుట్టూ ఉండే వదులైన చర్మంలో చేరుతుంది, పగలు నిలబడి తిరిగితే కాళ్ళలోకి దిగుతుంది. విద్యార్థులు ఇక్కడ ఒకే బాణం గీసి ఆగిపోతారు. నేను రెండోది కూడా గీయిస్తాను, ఎందుకంటే కిడ్నీ తనంతట తానే ఉప్పును పట్టి ఉంచుకుంటుంది కూడా. వాపు ఉన్నన్నాళ్ళూ ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెప్పేది అందుకే.

రెండో దారి కొవ్వు. అల్బుమిన్ తగ్గుతున్నకొద్దీ కాలేయం దాన్ని భర్తీ చేయడానికి ఎక్కువ పని చేస్తుంది, ఆ ఊపులో కొవ్వును మోసే ప్రోటీన్లను కూడా ఎక్కువగా తయారుచేస్తుంది. అందువల్ల కొలెస్ట్రాల్ పెరుగుతుంది. మూడో దారి ఇన్ఫెక్షన్లు. రోగాలతో పోరాడే యాంటీబాడీలూ అదే చిల్లు గుండా పోతాయి. ఈ పిల్లల్లో జ్వరంతో పాటు కడుపునొప్పి వస్తే, పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ సోకిందేమో అని అనుమానించాలి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. నాలుగోది రక్తం గడ్డకట్టడం. గడ్డలు కట్టకుండా కాపాడే ప్రోటీన్ కూడా జారిపోతుంది. ఆ సమయంలో ఇంట్లోవాళ్ళు సొంతంగా నీరు దించే మాత్రలు వేస్తే రక్తం చిక్కబడి ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

పరీక్షలు బొమ్మను సరిచూసేవి. మన బాబు మూత్రంలో ప్రోటీన్ మూడు ప్లస్‌లు వచ్చింది. రక్తంలో అల్బుమిన్ 1.8 గ్రాములు, అంటే ఉండాల్సిన దానిలో సగం. కొలెస్ట్రాల్ 420. రక్తపోటు, క్రియాటినిన్ బాగున్నాయి, మూత్రంలో రక్తం లేదు. ఆ చివరి మూడూ ముఖ్యం. రక్తం పడి మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే, రక్తపోటు పెరిగితే అది వేరే బొమ్మ. గొంతునొప్పో చర్మపు పుళ్ళో వచ్చిన కొన్ని వారాలకు వచ్చే నెఫ్రైటిస్ అలా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేయడమే విద్యార్థులు చేసే పెద్ద పొరపాటు.

ఈ వయసులో, ఈ లక్షణాలతో ఉన్న పిల్లలకు కిడ్నీ ముక్క తీసి చూడనక్కర్లేదు. డాక్టర్లు నేరుగా స్టెరాయిడ్లు మొదలుపెడతారు. చాలామందిలో నాలుగు వారాల్లోపే మూత్రంలో ప్రోటీన్ ఆగిపోతుంది. ఆగకపోతేనే బయాప్సీ.

ఒకసారి తగ్గినా ఈ జబ్బు తిరగబెడుతుంది, అందుకే తల్లిదండ్రులకు ఇంట్లోనే పరీక్ష నేర్పిస్తారు. గాజు గొట్టంలో ఉదయపు మూత్రం పోసి పైభాగాన్ని వేడిచేస్తే తెల్లబడుతుంది. కొన్ని చుక్కల వెనిగర్ కలిపినా ఆ తెలుపు పోకపోతే ప్రోటీన్ ఉన్నట్టు. ఫలితాన్ని రోజూ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వరసగా మూడు రోజులు మూడు ప్లస్‌లు, అంతకుమించి వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. వాపు కనిపించేదాకా ఆగకుండా ఆ నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. ముఖం తేటపడింది కదా అని స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు మాత్రం ఆపకండి.