ఆ ఒక్క కంపెనీకే పంపండి, తర్వాత తీసేయండి

"మేడమ్, మాకో మంచి క్లయింట్ ఉంది. జావాలో ఏడేళ్ళ అనుభవం అడుగుతున్నారు. అప్‌డేటెడ్ రెజ్యూమే పంపిస్తారా?" హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒకావిడకి కన్సల్టెన్సీ నుంచి ఇలా ఫోనొచ్చింది అనుకుందాం. క్లయింట్ ఎవరని అడిగితే, "అది ఇప్పుడే చెప్పలేం మేడమ్" అంటాడు రిక్రూటర్. పేరు చెబితే ఆవిడ నేరుగా అప్లై చేసుకుంటుందని, తన కమీషన్ పోతుందని అతని భయం. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ పేరు తెలియకుండా రెజ్యూమే పంపితే నష్టపోయేది ఆవిడే.

ఎలాగంటే, ఒకే ఖాళీ కోసం ఒకే కంపెనీకి రెండు మూడు కన్సల్టెన్సీలు మనుషుల్ని పంపుతుంటాయి. ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ చూసి కంపెనీ సాఫ్ట్‌వేర్ 'డూప్లికేట్' అని పట్టేస్తుంది. సాధారణంగా ముందు పంపిన కన్సల్టెన్సీకే ఆ అభ్యర్థి మీద హక్కు. ఒప్పందాన్ని బట్టి అది ఆరు నెలలు ఉండొచ్చు, ఏడాదీ ఉండొచ్చు. ఇద్దరి మధ్య తగువొస్తే, మనకెందుకీ గొడవ అని కంపెనీ ఆ ప్రొఫైల్నే పక్కన పెట్టేయవచ్చు. ఇంకో ప్రమాదం ఏమిటంటే, ఇప్పటి జీతం, నోటీస్ పీరియడ్ వివరాలతో ఆ రెజ్యూమే ఎక్సెల్ షీటుకెక్కి నాలుగు చోట్లకు వెళ్తుంది. ఆ నాలుగింట్లో ఆవిడ పనిచేస్తున్న కంపెనీ కూడా ఉండొచ్చు!

అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే మనవాళ్ళకి దీనికో పద్ధతి బాగా తెలుసు. 'రైట్ టు రిప్రజెంట్' అని వెండర్ ఒక మెయిల్ పంపిస్తాడు. అందులో క్లయింట్ పేరు, ఉద్యోగం, గంటకు రేటు ఉంటాయి. అభ్యర్థి ఒప్పుకుంటున్నానని జవాబిచ్చాకే ప్రొఫైల్ ముందుకు కదలాలి. ఇక్కడ మనల్ని అలా అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి, ఆ మెయిలేదో మనమే రాసుకోవాలి.

ఆవిడ రాయాల్సింది ఇంతే: "మీరు ఫోన్లో చెప్పిన ఫలానా కంపెనీలో ఫలానా జాబ్ ఐడీకి మాత్రమే నా వివరాలు పంపండి. వేరే కంపెనీకి గానీ, వేరే కన్సల్టెన్సీకి గానీ పంపాలంటే ముందు నన్ను మెయిల్లో అడగండి. ఈ ఉద్యోగం వ్యవహారం తేలాక నా రెజ్యూమే, జీతం వివరాలు తొలగించి నాకు తెలియజేయండి." దీనికి "ఓకే" అని జవాబు వచ్చాకే రెజ్యూమే పంపాలి. పేరు ఫోన్లో చెప్పినా ఫరవాలేదు, మెయిల్లో మనం రాసేస్తే రికార్డు ఉంటుంది. ఆధార్, జీతం స్లిప్పులతో ఈ దశలో పనే లేదు. డూప్లికేట్లు పట్టుకోవడానికి కొన్ని కంపెనీలు పాన్ అడుగుతాయి. అప్పుడు కూడా నంబరు చాలు, కార్డు కాపీ అక్కర్లేదు.

తొలగింపు దగ్గర మాత్రం కాస్త పట్టువిడుపులు కావాలి. అభ్యర్థిని తామే పంపామని రుజువు లేకపోతే కన్సల్టెన్సీకి డబ్బు రాదు. అందుకని "రేపే అంతా చెరిపేయండి" అంటే ఒప్పుకోరు. పేరు, పంపిన తేదీ, కంపెనీ పేరు వాళ్ళ గడువు తీరేదాకా ఉంచుకోమని, మిగతావి తీసేయమని అడిగితే కాదనడానికి కారణం ఉండదు. ఎక్కడెక్కడ తీయాలో కూడా చెప్పాలి. ఎక్సెల్ షీటు, మెయిల్ అటాచ్‌మెంట్లు, వాట్సాప్ గ్రూపు, వాళ్ళు పంచుకున్న ఇతర కన్సల్టెన్సీలు. కంపెనీకి చేరిన కాపీ వీళ్ళ చేతిలో ఉండదు, దానికి కంపెనీకే విడిగా రాసుకోవాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. సమ్మతి, తొలగింపు లాంటి ముఖ్యమైన భాగాలకు 18 నెలల గడువిచ్చారు, అంటే అవి 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. ఒక పని కోసం మనంతట మనం ఇచ్చిన వివరాలను, మనం వద్దని చెప్పనంతవరకు ఆ పనికి వాడుకోవచ్చని అందులో ఉంది. కాబట్టి ఆ 'పని' ఏమిటో మెయిల్లో ఎంత కచ్చితంగా రాస్తే, దాన్ని సాగదీయడం అంత కష్టం.

మాట తప్పారో లేదో తెలుసుకోవడానికో చిన్న చిట్కా ఉంది. జీమెయిల్ ఐడీలో @ గుర్తుకు ముందు + పెట్టి ఏ పదం చేర్చినా ఉత్తరాలు మన ఇన్‌బాక్స్‌కే వస్తాయి. name@gmail.com మన ఐడీ అయితే, ఈ కన్సల్టెన్సీకిచ్చే రెజ్యూమేలో name+jan1@gmail.com అని వేయాలి. కొన్ని కంపెనీల ఫారాలు + గుర్తు ఒప్పుకోవు, అక్కడ మామూలు ఐడీ ఇవ్వక తప్పదు. మూడు నెలల తర్వాత ఆ +jan1 ఐడీకి ముక్కూమొహం తెలియని కంపెనీ నుంచి ఇంటర్వ్యూ పిలుపొస్తే, బయటికి పొక్కింది ఎక్కడో దాదాపు తెలిసినట్టే. ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ జతచేసి, మొదటి మెయిల్ కిందనే కన్సల్టెన్సీకి జవాబు రాయాలి: ఇంకా ఎవరెవరికి పంపారు, వాళ్ళ దగ్గర నుంచి ఎప్పుడు తీయిస్తారు?