ఐదెకరాల ఆయిల్‌పామ్‌కు ఎన్ని మొక్కలు?

ఆయిల్‌పామ్ వేయాలనుకునే రైతుకు మొదట వినిపించే లెక్క ఎకరాకు 57 మొక్కలు, మొక్కకూ మొక్కకూ తొమ్మిది మీటర్ల ఎడం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అనుమానం రావాలి. ఎకరమంటే 4047 చదరపు మీటర్లు. ఒక్కో మొక్కకు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది మీటర్లు ఇస్తే 81 చదరపు మీటర్లు పోతుంది. భాగిస్తే వచ్చేది 50. మరి మిగతా ఏడు మొక్కలు ఎక్కడివి? ఎడం తగ్గలేదు, పొలం పెరగలేదు. మారింది మొక్కల అమరిక.

50 వచ్చింది చతురస్ర పద్ధతిలో. అందులో వరుసకూ వరుసకూ మధ్య తొమ్మిది మీటర్లు, వరుసలో మొక్కకూ మొక్కకూ మధ్య కూడా తొమ్మిదే. పక్క మొక్క తొమ్మిది మీటర్ల దూరంలోనే ఉన్నా, మూలగా ఉన్న మొక్క మాత్రం 12.7 మీటర్ల దూరంలో పడుతుంది. నాలుగు మొక్కల నడుమ కొంత చోటు ఖాళీగా మిగిలిపోతుంది. ఆయిల్‌పామ్ మట్టలు చుట్టూ సమానంగా విచ్చుకుంటాయి. మామిడిలా కొమ్మలు కత్తిరించి ఖాళీ వైపు మళ్లించే వీలు లేదు. అందుకే ఈ పంటకు త్రిభుజ పద్ధతి సిఫారసు చేస్తారు.

తట్టలో నిమ్మకాయలు పేర్చేటప్పుడు రెండో వరుస కాయలు మొదటి వరుస కాయల సందుల్లోకి ఎలా ఒదుగుతాయో, త్రిభుజ పద్ధతిలో మొక్కలూ అలాగే ఒదుగుతాయి. రెండో వరుసను సగం ఎడం, అంటే నాలుగున్నర మీటర్లు, పక్కకు జరుపుతాం. అలా జరిపాక వరుసను 7.8 మీటర్ల వరకు దగ్గరకు తెచ్చినా, మొక్కల మధ్య దూరం తొమ్మిది మీటర్లకు తగ్గదు. సమబాహు త్రిభుజం ఎత్తు దాని భుజంలో 0.866 వంతు ఉంటుంది, తొమ్మిదికి అది దాదాపు 7.8. ఇప్పుడు ఒక్కో మొక్కకు పట్టే చోటు 9 × 7.8, దాదాపు 70 చదరపు మీటర్లు. ఎకరాన్ని దీంతో భాగిస్తే 57, హెక్టారుకైతే 143. చతురస్రం కంటే ఇది సుమారు 15 శాతం ఎక్కువ. ప్రతి మొక్కకూ చుట్టూ ఆరు మొక్కలు సమాన దూరంలో ఉంటాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. మొక్కలను సందుల్లోకి జరిపితే చాలు, త్రిభుజం అయిపోతుందనుకుంటారు. వరుసల మధ్య తొమ్మిది మీటర్లు అలాగే ఉంచి ఒకటి విడిచి ఒకటి పక్కకు జరిపితే మొక్కలు ఒక్కటి కూడా పెరగవు. జరిపిన వరుసల చివర చోటు చాలక ఒక్కో మొక్క తగ్గవచ్చు కూడా. లాభమంతా వరుసలు దగ్గరకు రావడంలోనే ఉంది.

ఇప్పుడు ఒక పొలం లెక్క వేద్దాం. పొడవు 150 మీటర్లు, వెడల్పు 135 మీటర్లు, అంటే ఐదెకరాలు. నాలుగు గట్ల నుంచీ కనీసం నాలుగున్నర మీటర్లు వదులుదాం. చతురస్రంలో వరుసకు 16 మొక్కలు, 15 వరుసలు, మొత్తం 240. భాగహారం చెప్పింది 250.

త్రిభుజ పద్ధతిలో వరుసలు ఎటు వేయాలన్నది కూడా ముఖ్యమే. పొడవు వెంట వేస్తే 17 వరుసలు పడతాయి, ప్రతి వరుసలోనూ 16 మొక్కలు, మొత్తం 272. అదే పొలంలో వరుసలను వెడల్పు వెంట వేస్తే 19 వరుసలు పడతాయి. ఒక వరుసలో 15, తర్వాతి వరుసలో 14 చొప్పున పోతే మొత్తం 276. దిశ మార్చినందుకే నాలుగు మొక్కలు పెరిగాయి. నీటి కాలువలు, వాలు, డ్రిప్పు లైన్లు అడ్డు రాకపోతే రెండు దిశల్లోనూ లెక్క వేసి చూడడం మేలు.

అయినా ఎకరాకు 57 చొప్పున ఐదెకరాలకు రావలసిన 285 రాలేదు. పొలానికి అంచులున్నాయన్న సంగతి భాగహారానికి తెలియదు. గట్టు దగ్గర మిగిలే ముక్కల్లో మొక్క పట్టదు. పొలం చిన్నదయ్యేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. నాలుగు వైపులా 63.6 మీటర్లున్న ఒక్క ఎకరాన్ని ఇదే పద్ధతిలో లెక్కిస్తే చతురస్రంలో 49, త్రిభుజంలో 52 మాత్రమే పడతాయి. 15 శాతం అనుకున్న లాభం మూడు మొక్కలకు దిగిపోతుంది.

పొలంలో గుర్తులు పెట్టేటప్పుడు తిన్నగా ఉన్న గట్టుకు సమాంతరంగా మొదటి తాడు కట్టి, తొమ్మిది మీటర్లకొక పుల్ల పాతాలి. తాడు కొస దగ్గర లంబంగా రెండో తాడు లాగాలి. మూల సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే మొదటి తాడు మీద 9 మీటర్లు, రెండో తాడు మీద 12 మీటర్లు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం చూడాలి. అది 15 మీటర్లుంటే మూల కుదిరినట్టే. రెండో తాడు మీద 7.8 మీటర్లకొక గుర్తు పెట్టి, పొలం అవతలి కొసన కూడా ఇలాగే చేయాలి. ఒక్క వైపే కొలిస్తే వరుసలు పోనుపోను వంకర పోతాయి. తర్వాత వరుస విడిచి వరుసను నాలుగున్నర మీటర్లు జరిపి పుల్లలు పాతాలి.

7.8ని గుర్తుంచుకోవడం కష్టమని కొందరు ఎనిమిది చేసేస్తారు. మన ఐదెకరాల్లో అలా చేస్తే 19 వరుసలకు బదులు 18 వరుసలే పడతాయి, 276 మొక్కలు 261కి పడిపోతాయి. జానెడు సవరణకు పదిహేను మొక్కలు పోతాయి.

గుంతలు తీయకముందే సరిచూసుకునే మార్గం ఉంది. ఏదో ఒక పుల్ల దగ్గర నిలబడి, పక్క వరుసలో దానికి దగ్గరగా ఉన్న రెండు పుల్లలకు టేపు పట్టండి. రెండూ తొమ్మిది మీటర్లు వస్తే త్రిభుజం కుదిరినట్టు. రెండూ పది మీటర్లు వస్తే వరుసలను దగ్గరకు తేలేదని అర్థం. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే జరపడంలో తేడా ఉంది. పుల్ల పీకి మళ్లీ పాతడం నిమిషం పని, గుంత తీశాక అయితే కూలి రెండింతలు.

ప్రతి తోటకూ త్రిభుజమే మేలని కాదు. చతురస్రంలో దున్నడానికి, బండి తిరగడానికి రెండు వైపులా తొమ్మిది మీటర్ల దారి ఉంటుంది. మామిడి వంటి తోటల్లో మొదట దగ్గరగా నాటి, చెట్లు కమ్ముకున్నాక ఒకటి విడిచి ఒకటి తీసేయాలనుకునే వారికి చతురస్రమే సులువు. అరెకరం, ఎకరం ముక్కల్లో త్రిభుజం కోసం పడే శ్రమకు తగిన ఫలితం కూడా దక్కదు. గుండ్రంగా పెరిగే ఆయిల్‌పామ్‌ను నాలుగైదు ఎకరాలకు పైబడిన పొలంలో వేస్తే మాత్రం త్రిభుజానిదే పైచేయి.

కాబట్టి నర్సరీకి మొక్కల లెక్క చెప్పే ముందు పొలం కొలతలతో కాగితం మీద బొమ్మ గీసి, వరుస వరుసకూ లెక్కపెట్టండి. బోరు, బాట, కరెంటు స్తంభాలు ఉన్న చోట్లు తీసేయండి. వచ్చిన సంఖ్యకు, నాటాక చచ్చిపోయే వాటి స్థానంలో పెట్టడానికి కొన్ని మొక్కలు కలపండి. ఎకరాకు 57 అన్నది అంచనాకు పనికొస్తుంది. మొక్కలు తెచ్చుకోవాల్సింది మాత్రం మీ పొలం బొమ్మ చెప్పిన లెక్క ప్రకారమే.