ఆవిరి పోతుంది, సున్నం మిగులుతుంది

తెల్ల కాటన్ చొక్కా ఇస్త్రీ దాదాపు అయిపోయింది. కాలర్ మీద ఆఖరిసారి ఆవిరి వదిలితే, చిటపటమంటూ గోధుమరంగు నీళ్లు చిమ్మి టీ చుక్కల్లాంటి మరకలు పడతాయి. స్టీమ్ ఐరన్ వాడే ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. పెట్టె లోపల తుప్పు పట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ ఆవిరి పుట్టే భాగాన్ని సాధారణంగా అల్యూమినియంతో పోత పోస్తారు. అల్యూమినియానికి ఇనుములా ఎర్రటి తుప్పు పట్టదు. ఆ రంగు చాలావరకు మనం పోసిన నీళ్లతో వచ్చిందే.

పైన కనిపించే ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు మరగవు. అక్కడి నుంచి సన్నటి వాల్వు గుండా చుక్కచుక్కగా కింది ఆవిరి గదిలోకి జారతాయి. కాలుతున్న ఆ గదిలో పడగానే ఆవిరై అడుగు పలక రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి. అందువల్ల ట్యాంకు శుభ్రంగా కనిపించినా లోపలంతా బాగుందని కాదు. అసలు పేరుకునేది కంటికి కనిపించని ఆ గదిలో, దానికి నీళ్లందించే వాల్వు కొన దగ్గర.

నౌపడా ఉప్పు మడుల్లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. నీరు ఆవిరవుతుంది, అందులో కరిగినది అక్కడే మిగులుతుంది. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బనేట్‌గా, అంటే సున్నపురాయిగా గట్టిపడుతుంది. కెటిల్ అడుగున, గీజర్ రాడ్ మీద కనిపించే తెల్ల పొర ఇదే. బోరు నీళ్లలో ఇనుము కూడా ఉంటే అది వేడికి, గాలికి ఎర్రబారి ఆ తెల్ల పొరకి రంగు పూస్తుంది. గంజి పెట్టిన బట్టల నుంచి రాలిన పొడి, నూలు పోగులు రంధ్రాల దగ్గర చేరి మాడితే ముదురు గోధుమరంగు వస్తుంది. పొర మందమయ్యాక పెచ్చులూడుతుంది. కొన్ని పెచ్చులు రంధ్రాలకు అడ్డుపడతాయి, కొన్ని ఆవిరితో పాటు బట్ట మీద పడతాయి.

ఎంత పేరుకుంటుందో ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్ శివారులో బోరు నీళ్ల మీద ఆధారపడిన ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. వాటర్ ఫిల్టర్ సర్వీసుకి వచ్చినవాళ్ల దగ్గరుండే టీడీఎస్ మీటరు ముంచితే 1000 చూపించింది. లీటరు నీళ్లలో సుమారు ఒక గ్రాము లవణాలు కరిగి ఉన్నాయన్నమాట. ఐరన్ ట్యాంకు పావు లీటరు పడుతుంది. వారానికి రెండుసార్లు నింపితే ఏడాదికి 26 లీటర్లు ఆవిరవుతాయి, దాదాపు 26 గ్రాముల లవణాలు మిగులుతాయి. అందులో కొంత చిమ్ముడుతో బయటికి పోయినా, నాలుగు టీస్పూన్ల ఉప్పంత పదార్థం ఆ చిన్న గదిలోకి చేరిందని అర్థం. అదే ఇంట్లో టీడీఎస్ 80 చూపించే ఆర్‌ఓ నీళ్లు పోస్తే ఏడాదికి రెండు గ్రాములే. డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఇంచుమించు ఏమీ మిగలదు.

డిస్టిల్డ్ వాటర్ కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ల డబ్బాలు బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో దొరుకుతాయి. లేబుల్ మీద డిస్టిల్డ్ అని గానీ డీమినరలైజ్డ్ అని గానీ ఉండాలి. పక్కనే అమ్మే బ్యాటరీ యాసిడ్‌తో పొరబడకూడదు. పై లెక్క ప్రకారం నెలకి రెండు లీటర్ల పైచిలుకు సరిపోతుంది.

కొన్ని కంపెనీలు డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోయొద్దని, కుళాయి నీళ్లతో సగం సగం కలపమని మాన్యువల్‌లో రాస్తాయి. మీ పెట్టె మాన్యువల్ అలా చెబితే అలాగే చేయండి. అయితే 1000 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లు సగం కలిపినా 500 దగ్గరే ఆగుతుంది, ఏడాదికి 13 గ్రాములు తప్పవు. కలపడానికి బోరు నీళ్ల బదులు ఆర్‌ఓ నీళ్లు వాడటం మేలు.

మంచివనిపించినా పనికిరాని నీళ్లు రెండున్నాయి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు తక్కువే, కానీ కాయిల్ మీది దుమ్ము, బూజు వాటిలో కలుస్తాయి. ఇంటి మొత్తానికి బిగించే వాటర్ సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి దాని స్థానంలో సోడియం పెడుతుంది. బకెట్‌కి తెల్ల చారలు తగ్గుతాయి గానీ కరిగిన లవణాల మొత్తం అంతే ఉంటుంది. ఇక గంజి నీళ్లు, సెంటు నీళ్లు ట్యాంకులో అసలే పోయకూడదు. అవి లోపల మాడి జిగురు పడతాయి.

నీళ్లు చిమ్మిన ప్రతిసారీ సున్నమే కారణం కాకపోవచ్చు. పెట్టె పూర్తిగా వేడెక్కకముందే, లేదా సిల్కు, పాలిస్టర్ బట్టల కోసం వేడి తగ్గించి ఆవిరి నాబ్ తెరిస్తే, నీళ్లు ఆవిరి కాకుండానే కారిపోతాయి. దీన్ని కనిపెట్టడం తేలిక. నాబ్‌ని కాటన్ గుర్తు దగ్గర పెట్టి, లైటు ఆరేదాకా ఆగి, పాత తెల్ల గుడ్డ మీద ఆవిరి వదలండి. మరక లేకుండా పొడి ఆవిరి వస్తే తప్పు వేడిది. గోధుమ చుక్కలో, ఇసుక రేణువుల్లాంటి పెచ్చులో పడితే లోపల సున్నం ఉన్నట్టు.

అప్పుడు పెట్టె మీదుండే సెల్ఫ్ క్లీన్ లేదా కాల్క్ క్లీన్ ఏర్పాటు వాడాలి. ప్లగ్ తీసి ఉంచి ట్యాంకు నిండా నీళ్లు పోయండి. ఆవిరి నాబ్ మూసి, వేడి పూర్తిగా పెంచి, లైటు ఆరాక మళ్లీ ప్లగ్ తీయండి. పెట్టెను సింకు మీద అడ్డంగా పట్టుకుని క్లీన్ బటన్ నొక్కుతూ ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. మరుగుతున్న నీళ్లు, ఆవిరి, వాటితో పాటు పెచ్చులు కిందికి పడతాయి కాబట్టి చేతులు, పిల్లలు దూరంగా ఉండాలి. రంగు పోయేదాకా ఇలాగే మళ్లీ చేసి, చివరికి పాత గుడ్డ మీద ఇస్త్రీ చేసి తడి ఆరబెట్టాలి. బోరు నీళ్లు వాడే ఇంట్లో నెలకోసారి చేస్తే పొర గట్టిపడే అవకాశం తక్కువ. ప్రతి వాడకం తర్వాత ట్యాంకులో మిగిలిన నీళ్లు పారబోయడం కూడా ఇందులో భాగమే.

వెనిగర్ పోస్తే సున్నం కరుగుతుందన్నది నిజమే. కానీ అది ఆవిరి గదిలోని పూతనీ, అల్యూమినియాన్నీ తినేస్తుంది. చాలా కంపెనీలు ట్యాంకులో వెనిగర్ వద్దనే చెబుతాయి. బయటికి తీయగలిగే యాంటీ కాల్క్ కడ్డీ ఉన్న మోడల్ అయితే, మాన్యువల్ ఒప్పుకున్న మేరకు ఆ కడ్డీని విడిగా నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి కడగవచ్చు. అడుగు పలక రంధ్రాలను చల్లారాక తడి ఇయర్‌బడ్‌తో తుడవండి. పిన్నుతో పొడిస్తే గీతలు పడి బట్టల్ని పట్టి లాగుతాయి.

ఈ క్లీనింగ్‌కీ ఒక హద్దుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన పెట్టెలో పొర రాయిలా బిగుసుకుపోతే వేడినీళ్ల ధాటికి అది కదలదు. మూడు నాలుగుసార్లు చేసినా సగం రంధ్రాల్లోంచే ఆవిరి వస్తుంటే, దాన్ని ఆవిరి మూసేసి మామూలు ఇస్త్రీ పెట్టెగా వాడుకోండి. ముడతలకు విడిగా ఒక స్ప్రే సీసాతో నీళ్లు చల్లుకుంటే పని జరిగిపోతుంది. కొత్తది కొంటే మాత్రం మొదటి రోజు నుంచే దానికి పోసే నీళ్లు మార్చండి.