ఎదురెండ ఫొటోలో ముఖాన్ని వెలికి తీయడం

అరుగు మీద కూర్చున్న మనిషి వెనక ఎండ పడుతున్న వీధి ఉంటే, ఫోన్ కెమెరా ఆ వీధినే లెక్కలోకి తీసుకుంటుంది. ఫ్రేములో ఎక్కువ భాగం వెలుగే కాబట్టి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. వీధి చక్కగా వస్తుంది, ముఖం నల్లబడిపోతుంది. కొన్ని కుటుంబాల్లో పెద్దాయన ఫొటో అంటూ మిగిలేది ఇలాంటిదొక్కటే. ఆయన పోయాక పటం కట్టించడానికో, పెళ్లి ఆల్బమ్‌లో ఆయన బొమ్మ చేర్చడానికో దాన్నే బొమ్మలు తయారుచేసే ఏఐ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తారు. వచ్చిన బొమ్మ చూసి ఇంట్లోవాళ్లు "మనిషి బాగున్నాడు గానీ మన తాత కాదు" అంటారు.

ఆ మాటకు కారణం సాఫ్ట్‌వేర్ ముఖాన్ని చదివే తీరులో ఉంది. ఇన్‌స్టంట్‌ఐడీ వంటి పద్ధతుల్లో ముందు ఒక ముఖ గుర్తింపు మోడల్ పనిచేస్తుంది. అది ఫొటోలో ముఖాన్ని వెతికి, కళ్లు, ముక్కు, నోటి కొసలు ఎక్కడున్నాయో చూసి, ముఖాన్ని నిటారుగా సర్ది, చిన్న చదరపు ముక్కగా కత్తిరిస్తుంది. ఆర్క్‌ఫేస్ అనే మోడల్ విషయంలో ఈ ముక్క 112 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు. దాన్నుంచి 512 అంకెల వరుస ఒకటి తయారవుతుంది. బొమ్మ గీసే భాగానికి తాత గురించి అందే సమాచారంలో ముఖ్యమైనది ఆ వరుసే. కళ్లగుంటలు నల్లటి మచ్చల్లా ఉంటే కళ్ల స్థానాలు తప్పుగా దొరుకుతాయి, అంకెలు ఎవరికైనా సరిపోయేట్టు తయారవుతాయి. ఐపీ-అడాప్టర్‌లా ఫొటో మొత్తాన్నీ చూసి నేర్చుకునే పద్ధతుల్లో మరో చిక్కు ఉంది. అవి ముఖంతో పాటు నీడను కూడా పోలికలో భాగమే అనుకుంటాయి. బొమ్మలో పట్టపగలు నిలబెట్టినా తాత ముఖం మసకగానే వస్తుంది. అందుకే నీడ తీసే పని బొమ్మ గీయించక ముందే జరగాలి.

అసలు ఆ చీకట్లో ఎంత మిగిలి ఉందన్నది మొదటి ప్రశ్న. మామూలు జేపెగ్ ఫొటోలో ప్రతి రంగుకూ 0 నుంచి 255 దాకా 256 మెట్లు ఉంటాయి. సరైన వెలుగులో ఒక ముఖం 90 నుంచి 190 మధ్య పడిందనుకుంటే, బుగ్గ వంపు, ముడత, పుట్టుమచ్చ అన్నీ ఆ నూరు మెట్లలో సర్దుకుంటాయి. వెలుగు సగానికి తగ్గడాన్ని ఫొటోగ్రాఫర్లు ఒక స్టాప్ అంటారు. అదే ముఖం నాలుగు స్టాపులు తగ్గితే, అంటే వెలుగు పదహారో వంతుకు పడిపోతే, 90 కాస్తా 19 అవుతుంది, 190 కాస్తా 50 అవుతుంది. నూరు మెట్ల ముఖం ముప్ఫై మెట్లలో ఇరుక్కుంది. మళ్లీ సాగదీస్తే ముఖం వెలుగులోకి వస్తుంది గానీ మెట్ల మధ్య ఖాళీలు అలాగే ఉంటాయి. ముప్ఫై మెట్లతో ముఖం గుర్తుపట్టేట్టే ఉంటుంది. ఆరు స్టాపులు తగ్గితే మిగిలేవి పదిహేడే, పైగా వాటిలో కెమెరా రొద కలిసిపోయి ఉంటుంది.

జేపెగ్ తన వంతు నష్టం తాను చేస్తుంది. ఫొటోను 8 పిక్సెళ్ల గడులుగా విడదీసి, ప్రతి గడిలోనూ కంటికి ఆనని సన్నటి తేడాలను పారేస్తుంది. చీకట్లో ఉన్న ముఖంలో తేడాలన్నీ సన్నవే కాబట్టి మొదట పోయేవి అవే. వాట్సాప్‌లో పంపిన ఫొటో మరోసారి కుదించబడుతుంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ తెరవకముందే చేయాల్సిన పని, ఫొటో తీసిన ఫోన్‌నుంచి అసలు ఫైలు తెచ్చుకోవడం. రా ఫైలు ఉంటే అదృష్టమే. అందులో రంగుకు 4,096 మెట్లో 16,384 మెట్లో ఉంటాయి, నాలుగు స్టాపులు దానికి పెద్ద కష్టం కాదు. అదే క్షణంలో వరసగా తీసిన ఫొటోలు నాలుగుంటే వాటిని ఒకదానిపై ఒకటి సర్ది సగటు తీయొచ్చు. రొద సగమవుతుంది. మనిషి కదలకుండా ఉంటేనే ఇది కుదురుతుంది.

అసలు ఫైలు చేతికొచ్చాక పని ఎలా సాగుతుందో అరుగు మీది తాత ఫొటోతోనే చూడొచ్చు. అందులో ముఖం వెడల్పు 500 పిక్సెళ్లు అనుకుందాం. నుదుటి దగ్గర అంకె 50. భుజం మీది తెల్ల కండువా కూడా నీడలోనే ఉంది, దాని అంకె 78. కంటి నల్లగుడ్డు 0కి దగ్గరగా ఉండాల్సింది, 12 చూపిస్తోంది. ఈ 12 దగ్గర ఆగి ఆలోచించాలి. ఎదురుగా వచ్చే ఎండ లెన్సు అద్దాల మధ్య చెదిరి, ఫొటో అంతటా పలచటి పొగలా పరుచుకుంటుంది. ముఖం మీద పడని వెలుగు ముఖం అంకెల్లో వచ్చి కలిసింది. ఈ పొగను తీయకుండా ముఖాన్ని మూడు స్టాపులు పెంచితే పొగ కూడా ఎనిమిది రెట్లవుతుంది. కంటి గుడ్డు 48కి ఎగబాకుతుంది, కళ్లు బూడిద రంగుకు తిరుగుతాయి. నీడ ఫొటోలు బాగుచేసినప్పుడు ముఖం పాలిపోయి, చూపు చచ్చిపోయినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. దాన్ని పోగొట్టడానికి తర్వాత కాంట్రాస్ట్ పెంచుతారు, దాంతో కళ్లకింద గుంటలు లోతై మనిషి జబ్బుపడ్డట్టు తయారవుతాడు.

ఉచితంగా దొరికే జింప్‌లో ఈ రెండు పనులకూ ఒకే చోట రెండు మీటలున్నాయి. ముందు `Image > Precision` లో `32-bit floating point` ఎంచుకోవాలి. లేకపోతే ప్రతి సవరణకూ కొన్ని మెట్లు రాలిపోతాయి. తర్వాత `Colors > Exposure` లో `Black level` ను 0.003 దగ్గర, `Exposure` ను 3 దగ్గర పెడితే, ముందు పొగ తీసివేత, ఆపైన ఎనిమిది రెట్ల పెంపు జరుగుతాయి. నల్లగుడ్డు 16 దగ్గర నిలుస్తుంది, నుదురు 130 దాకా వస్తుంది, కండువా 200కు చేరుతుంది. వెనక వీధి పూర్తిగా తెల్లబడిపోతుంది. పోనివ్వొచ్చు, ముఖం చుట్టూ జుట్టూ మెడా వచ్చేలా కత్తిరించుకుంటే చాలు. అలవాటు కొద్దీ `Brightness` మీట లాగడం ఈ పనికి సరిపోదు. వెలుగు తగ్గింది రెట్లలో, అది తిరిగి రావాల్సిందీ రెట్లలోనే.

మూడు స్టాపులే ఎందుకన్నది నుదుటిని చూసి తేల్చరాదు, కండువాను చూసి తేల్చాలి. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఆటోమేటిక్ సవరణ మీటలు ముఖాన్ని తమకు నచ్చిన వెలుగుకు తెస్తాయి. తాత నల్లటి మనిషైతే ఆయన్ని చామనఛాయకు, చామనఛాయ మనిషైతే తెల్లటివాడిగా మార్చేస్తాయి. నీడ పోయింది అనుకున్న చోట నిజానికి ఒంటిరంగు పోయింది. తెల్లబట్టకు ఆ మొహమాటం లేదు. అదే నీడలో ఉన్న తెల్ల కండువా 200 దగ్గరకు రాగానే ఆగిపోతే, నుదురు ఎక్కడ ఆగిందో అదే ఆయన రంగు. కండువా రంగు తేడాకూ అదే సాక్షి. నీడలోకి వచ్చేది ఆకాశపు వెలుగు కాబట్టి తెల్లబట్ట కొద్దిగా నీలంగా ఉంటుంది. నీలాన్ని బట్ట తెల్లబడేదాకా తగ్గిస్తే ముఖం మీది నీలం కూడా దానంతటదే తగ్గుతుంది. పచ్చరంగు గోడ పక్కన కూర్చుంటే కండువాలో కనిపించేది ఆకుపచ్చ.

వెలుగుతో పాటు రొద కూడా పెరిగింది. బుగ్గల మీద ఎర్ర, ఆకుపచ్చ మరకల్లా కనిపించేది రంగు రొద, ఇసుక చల్లినట్టుండేది వెలుగు రొద. మొదటిదాన్ని గట్టిగానే తుడవచ్చు. లేయర్‌కు నకలు తీసి, దాన్ని కొన్ని పిక్సెళ్ల మేర మసకబార్చి, దాని మోడ్ `LCh Color` గా మారిస్తే రంగు మాత్రమే నునుపవుతుంది, గీతలు చెడవు. ఇసుకను మాత్రం దాదాపు వదిలేయడమే మంచిది. 500 పిక్సెళ్ల ముఖాన్ని మోడల్ 112కు కుదించేటప్పుడు ఇరవై పిక్సెళ్ల సగటు ఒక్కటవుతుంది, ఇసుక అందులో కలిసి కరిగిపోతుంది. దాన్ని తుడవబోతే ముడతలు పోతాయి, డెబ్బై ఏళ్ల మనిషి నలభై ఏళ్లవాడవుతాడు. ఆ ఫొటోలతో మోడల్‌కు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే పద్ధతిలోనైతే ఇసుకను కొంత తగ్గించాలి. లేకపోతే అది దాన్ని చర్మమే అనుకుని ప్రతి బొమ్మలోనూ గీస్తుంది.

ముఖంలో సగం వెలుగు, సగం నీడ ఉన్న ఫొటోలు వేరే తలనొప్పి. నీడ సగానికే మాస్క్ గీసి, అంచు మెత్తగా ఉంచి, దాన్ని ఒకటిన్నర, రెండు స్టాపులు పెంచి వదిలేయాలి. రెండు బుగ్గలూ సమానం చేస్తే ముక్కు ఎత్తు మాయమవుతుంది. వెలుగున్న సగాన్ని అద్దంలోలా తిప్పి అతికించే వాళ్లూ ఉన్నారు. ఏ ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు, పాపిడి తేడా వస్తుంది, లేని చోట పుట్టుమచ్చ మొలుస్తుంది.

ఇన్ని తిప్పలెందుకు, జీఎఫ్‌పీ-గాన్, కోడ్‌ఫార్మర్ లాంటి ముఖ మరమ్మతు సాధనాలకు ఇస్తే క్షణంలో అయిపోతుంది కదా అనిపించవచ్చు. అవి చీకట్లో ఉన్నదాన్ని వెతకవు, వేలాది ముఖాల్లో నేర్చుకున్నదాన్ని అక్కడ నింపుతాయి. 2020లో డ్యూక్ యూనివర్సిటీవారి పల్స్ అనే మోడల్‌కు ఒబామా ఫొటోను గడులు గడులుగా చేసి ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం బయటికొచ్చింది. ఈ సాధనాల్ని వాడక తప్పకపోతే వెలుగు సవరణ పూర్తయ్యాకే వాడాలి. కోడ్‌ఫార్మర్‌లో `w` విలువను 1కి దగ్గరగా పెడితే ఇచ్చిన ఫొటోకు కట్టుబడి ఉంటుంది, 0 వైపు జరిపేకొద్దీ ముఖం అందంగానూ పరాయిగానూ తయారవుతుంది.

ఏది దొరికింది, ఏది పుట్టుకొచ్చింది అని తేల్చుకోవడానికి కుటుంబం దగ్గర మంచి వెలుగులో ఉన్న మరో ఫొటో ఒక్కటుంటే చాలు, పాతదైనా సరే. సవరించక ముందు, సవరించాక, ఆ రెండో ఫొటోతో ఆర్క్‌ఫేస్ పోలిక అంకె ఎంతొస్తుందో చూడాలి. సవరణతో అంకె పెరిగితే పని సరైన దారిలో ఉన్నట్టు. ముఖం మరింత స్పష్టంగా కనిపిస్తూ అంకె పడిపోతే ఆ స్పష్టత వేరే మనిషిది. ఆపైన ఒకే వర్ణన, ఒకే సీడ్ అంకెతో పాత ఫొటోకొక బొమ్మ, కొత్త ఫొటోకొక బొమ్మ గీయించి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చూపించాలి.

ఎక్స్‌పోజర్ పెంచగానే కళ్ల చుట్టూ చదరపు గడులు కనిపిస్తే, లేదా కళ్లగుంటల్లో అంకెలన్నీ 0, 1, 2 దగ్గరే ఉంటే, ఆ ఫొటో సంగతి అంతటితో ముగిసినట్టే. అప్పుడు పెళ్లిళ్ల గ్రూప్ ఫొటోలు తిరగేయడం మంచిది. ముఖం మొత్తం 120 పిక్సెళ్లే ఉన్నా, వెలుగు సరిగా పడి, కెమెరా వైపు చూస్తున్న చిన్న ముఖం, చీకట్లో ఉన్న 500 పిక్సెళ్ల ముఖం కన్నా బాగా పనికొస్తుంది, ఎందుకంటే మోడల్ చూసేది ఎలాగూ 112 పిక్సెళ్లే.