పగిలిన స్క్రీన్, పెద్ద ఫాంట్: రిప్లై ఇలా పంపితే చదవగలరు

లాల్ దర్వాజాలో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్, స్క్రీన్‌కి అడ్డంగా పగులు, నానమ్మ కోసం ఫాంట్ సైజ్ ఫుల్. అలాంటి ఫోన్‌లో వాట్సాప్ లైన్‌కి రెండు మూడు పదాలే పడతాయి. పేరా పొడవైతే ఏదో ఒక లైన్ పగులు కిందికి పోతుంది. అక్కడ ఒత్తులు కనబడవు, 1కి 7కి తేడా తెలియదు.

పగులు కదలదు, మెసేజ్ కదులుతుంది. అందుకే ఒక్కో విషయం ఒక్కో చిన్న మెసేజ్‌గా పంపండి. కాస్త స్క్రోల్ చేస్తే మెసేజ్ మొత్తం పగులు దాటి వచ్చేస్తుంది. ఉదాహరణకి నానమ్మ కళ్ల చెకప్ గురించి వదిన అడిగితే, ఈ నాలుగూ విడివిడిగా:

పద్మ వదినా, చెకప్ రేపే
9:30కి, తొమ్మిదిన్నరకి
మెహదీపట్నం, సరోజినీ దేవి ఆస్పత్రి
పాత చీటీ తేవాలి

ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు కాబట్టి పేరు ముందు. టైమ్ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తే ఒకటి చెదిరినా రెండోది చెబుతుంది. పాత మెసేజ్‌ని స్వైప్ చేసి రిప్లై ఇవ్వొద్దు, దాని ముక్క కూడా పైన చేరి చోటు తినేస్తుంది.

టచ్ కూడా పనిచేయకపోతే స్క్రోల్ అవ్వదు. అప్పుడు కాల్ చేయడమే నయం.